240 ఎఫ్‌పీఎస్ వీడియోతో స్ప్రింట్ స్పీడ్: లెక్క ఈజీ, తప్పు ఎక్కడో తెలుసా?

"నెల రోజులు ఉరికితే స్పీడ్ తగ్గుతదా అన్నా?" మొయినాబాద్ గ్రౌండ్‌లో లాప్‌టాప్ స్క్రీన్ చూసి మా పిన్ని కొడుకు అడిగిన మాట ఇది. నెల కింద చేవెళ్లలో అదే ఫోన్‌తో తీస్తే 33.9 కిలోమీటర్ల స్పీడ్ వచ్చింది. వాడు దాన్ని వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టుకున్నాడు. ఇప్పుడేమో 31.5. ప్రాక్టీస్ ఆపేస్తానని మొహం మాడ్చుకున్నాడు. నిజానికి తప్పు వాడి కాళ్లలో లేదు, నేను కోన్లు పెట్టిన చోట ఉంది.

ముందు పద్ధతి చూద్దాం. రన్నర్ ఫుల్ స్పీడ్ అందుకున్నాక వచ్చే 10 మీటర్లను టేప్‌తో కొలిచి గుర్తు పెట్టాలి. ఆ 10 మీటర్ల మధ్య బిందువుకు ఎదురుగా, పక్క నుంచి, ఫోన్‌ను ట్రైపాడ్ మీద కదలకుండా ఉంచాలి. స్లో-మోషన్ 240 ఎఫ్‌పీఎస్‌లో షూట్ చేసి, కినోవియా లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ, ఛాతీ మొదటి గుర్తు దాటిన ఫ్రేమ్ నుంచి రెండో గుర్తు దాటిన ఫ్రేమ్ వరకు లెక్కపెట్టాలి. రెండుసార్లూ ఛాతీనే చూడాలి. చెయ్యో పాదమో చూస్తే అడుగు అడుగుకీ లెక్క మారిపోతుంది.

```
speed (m/s) = distance × fps / frames
km/h = m/s × 3.6
```

చేవెళ్లలో 255 ఫ్రేములు వచ్చాయి. అంటే 1.0625 సెకన్లు, సెకనుకు 9.41 మీటర్లు. అప్పుడే నాకు డౌట్ రావాల్సింది. వాడి 100 మీటర్లు స్టాప్‌వాచ్‌లో 13 సెకన్ల పైనే. అంటే సగటు స్పీడ్ 7.7 లోపే. టాప్ స్పీడ్ సగటు కంటే ఎక్కువే ఉంటుంది కానీ, మరీ అంత ఎక్కువ ఉండదు.

అసలు జరిగింది ఇదీ. ఫోన్ వాడి లైన్‌కు 15 మీటర్ల దూరంలో ఉంది. కోన్లను మాత్రం లైన్‌కు అవతల, ఇంకో మీటరున్నర దూరంలో పెట్టాను. రెండు కోన్ల మధ్య 10 మీటర్లు కరెక్టే. కానీ ఫోన్ నుంచి ఆ కోన్లకు రెండు గీతలు గీస్తే, వాడి లైన్ దగ్గరికి వచ్చేసరికి ఆ గీతల మధ్య దూరం తగ్గుతుంది: 10 × 15 / 16.5, అంటే 9.09 మీటర్లే. వాడు ఉరికింది 9.09, నేను లెక్కలో వేసింది 10. దూరం సరిచేస్తే అసలు స్పీడ్ 8.56, అంటే గంటకు 30.8 కిలోమీటర్లు.

మొయినాబాద్‌లో ఈ తప్పు అనుకోకుండానే తప్పింది. అక్కడ ముందు వాడు ఉరికే లైన్ మీదే 10 మీటర్లకు రెండు కోన్లు పెట్టాం. అవి కాళ్లకు అడ్డం వస్తాయని, నేను ఫోన్ దగ్గర నిలబడి చూస్తుంటే, ఫ్రెండ్ లైన్‌కు ఇవతల ఒక కర్రను జరుపుతూ పోయాడు. కర్ర సరిగ్గా కోన్‌ను కప్పేసిన చోట పాతి, కోన్ తీసేశాం. రెండో వైపూ అంతే. కర్రల మధ్య దూరం 10 కన్నా తక్కువే ఉంటుంది, కంగారు పడకండి. లెక్కలోకి వచ్చేది లైన్ మీది 10 మీటర్లే. ఈసారి 274 ఫ్రేములు, 8.76 మీటర్లు.

అంటే వాడు 8.56 నుంచి 8.76కి పెరిగాడు! చేవెళ్లలో వాడు లైన్ నుంచి 20 సెంటీమీటర్లు కోన్ల వైపు జరిగి ఉరికాడనుకున్నా, పాత స్పీడ్ 8.67 దాటదు. ఒక ఫ్రేమ్ అటూ ఇటూ అయితే తేడా 0.03 మాత్రమే. మామూలు 30 ఎఫ్‌పీఎస్ వీడియోలో ఈ పెరుగుదల అసలు కనిపించేది కాదు. 10 మీటర్లకు అప్పుడు దాదాపు 35 ఫ్రేములు, ఇప్పుడు 34. ఆ తేడా మన లెక్క తప్పులోనే కలిసిపోతుంది.

ఇంకో జాగ్రత్త. ఫోన్ 240 అని చూపించినా, వెలుతురు తక్కువైతే కొన్ని మోడల్స్ ఫ్రేమ్ రేట్ తగ్గించేస్తాయి. ఫైల్‌లో ప్రతి ఫ్రేమ్ టైమ్ ఇలా చూడొచ్చు:

```
ffprobe -v error -select_streams v:0 -show_entries frame=best_effort_timestamp_time -of csv=p=0 run.mp4
```

వరుస నంబర్ల మధ్య తేడా 0.0042 దగ్గర నిలకడగా ఉండాలి. అంతటా 0.033 వస్తే, ఫోన్ ఆ వీడియోను 30 ఎఫ్‌పీఎస్‌కు సాగదీసి సేవ్ చేసిందని అర్థం. అలాంటప్పుడు ప్లేయర్ చూపించే టైమ్ నమ్మొద్దు, ఫ్రేములు లెక్కపెట్టి 240తోనే భాగించండి. తేడాలు ఎగుడుదిగుడుగా ఉంటే మాత్రం లెక్కపెట్టడం మానేసి, ఆ రెండు ఫ్రేముల టైమ్‌ల తేడానే తీసుకోండి. ఫోన్ మీదే అనుమానం ఉంటే నడుస్తున్న స్టాప్‌వాచ్‌ను షూట్ చేయండి: 10 సెకన్లకు 2400 ఫ్రేములు రావాలి.

తమ్ముడికి ఇదంతా కాగితం మీద గీసి చూపించాను. కాసేపు చూసి, "అంటే ఆ 33.9 స్టేటస్ అబద్ధమా అన్నా?" అన్నాడు. అవును, అబద్ధమే. మర్నాడు పొద్దున 31.5 పెట్టుకుని ప్రాక్టీస్‌కు పోయాడు.