ఇరవై కోట్ల కంపెనీ అమ్మితే చేతికొచ్చేదెంత?

టర్మ్ షీట్ రాగానే కొత్త ఫౌండర్ చూపు ముందు వాల్యుయేషన్ మీద పడుతుంది. మిత్రులకు చెప్పుకునేదీ ఆ అంకే. రేపు కంపెనీ అమ్మితే ఎవరికెంత అన్నది మాత్రం చాలావరకు ఆ కింది పేరాల్లో తేలుతుంది.

హైదరాబాద్‌లో ఇద్దరు మిత్రులు చెరిసగం వాటాతో కంపెనీ పెట్టారనుకుందాం. షేర్లు మొత్తం 10,000. ఒక ఇన్వెస్టర్ 4 కోట్లు పెడతానన్నాడు, వాల్యుయేషన్ 16 కోట్లన్నాడు. అది ప్రీ-మనీయా, పోస్ట్-మనీయా అని అక్కడే అడగాలి. ప్రీ-మనీ అంటే డబ్బు రాకముందు కంపెనీకి కట్టిన విలువ. అలాగైతే డబ్బు వచ్చాక కంపెనీ విలువ 20 కోట్లు, ఇన్వెస్టర్ వాటా 20 శాతం. అదే 16 కోట్లు పోస్ట్-మనీ అయితే అతని వాటా 25 శాతానికి పోతుంది.

ప్రీ-మనీ అనే తేలిందనుకుందాం. అయినా కింద ఇంకో వాక్యం ఉంటుంది: ఉద్యోగులకిచ్చే షేర్ల కోసం 10 శాతం ఈసాప్ పూల్, అదీ ప్రీ-మనీలోనే కలిపి. అంటే ఆ 10 శాతం పూర్తిగా ఫౌండర్ల వాటాలోంచే పోతుంది, ఇన్వెస్టర్ 20 శాతం చెక్కుచెదరదు. ఇద్దరికీ కలిపి మిగిలేది 80 కాదు, 70. షేరు ధర 16,000 రూపాయలని వాళ్లు లెక్కేసుకుంటే, పూల్ కలిపాక అది 14,000కు దిగుతుంది. పైన 16 కోట్లని రాసి ఉన్నా, వాళ్ల కంపెనీకి నిజంగా కట్టిన విలువ 14 కోట్లే. ఇందులో మోసమేమీ లేదు, ఇన్వెస్టర్లు మామూలుగా అడిగేదే. వచ్చే ఏడాదిన్నరలో ఎవరెవర్ని తీసుకోబోతున్నారో పేర్లూ పదవులతో జాబితా చూపిస్తే, పూల్ 6 శాతం చాలని వాదించడానికి ఆధారం దొరుకుతుంది.

తర్వాతి రౌండులో మరో 20 శాతం అమ్మితే ఒక్కో ఫౌండర్ వాటా 35 నుంచి 28కి తగ్గుతుంది. ఈ డైల్యూషన్ అందరూ ఊహించేదే.

చాలామంది ఊహించనిది లిక్విడేషన్ ప్రిఫరెన్స్. పేరు చూసి కంపెనీ మూతపడితే తప్ప దాంతో పని లేదనుకుంటారు. టర్మ్ షీట్లలో కంపెనీని అమ్మేయడం, వేరే కంపెనీలో కలిపేయడం కూడా సాధారణంగా దీని కిందికే వస్తాయి. మన దేశంలో ఇన్వెస్టర్లు ఎక్కువగా తీసుకునేది సీసీపీఎస్ షేర్లు. అవి ఎప్పటికైనా మామూలు షేర్లుగా మారాల్సినవే, మారేదాకా మాత్రం వాటికి ముందు వరస హక్కు ఉంటుంది.

కంపెనీ అనుకున్నట్టు ఎదగక 10 కోట్లకు అమ్ముడుపోయిందనుకోండి. పూల్ షేర్లన్నీ ఉద్యోగుల చేతికి వచ్చేశాయనీ అనుకుందాం. షరతు ‘వన్ ఎక్స్ నాన్-పార్టిసిపేటింగ్’ అయితే ఇన్వెస్టర్‌కు రెండు దారులు: పెట్టిన 4 కోట్లు వెనక్కి తీసుకోవడం, లేదా షేర్లు మార్చుకుని 20 శాతం వాటాగా 2 కోట్లు తీసుకోవడం. అతను 4 కోట్లే తీసుకుంటాడు. మిగిలిన 6 కోట్లలో ఇద్దరు ఫౌండర్లకు 5 కోట్ల 25 లక్షలు వస్తాయి.

‘నాన్’ అన్న ముక్క లేకపోతే అతను ముందు 4 కోట్లు తీసుకుని, మిగిలిన 6 కోట్లలో మళ్లీ 20 శాతానికి కూర్చుంటాడు. ఫౌండర్లకు దక్కేది 4 కోట్ల 20 లక్షలు. నాన్-పార్టిసిపేటింగే అయినా ‘టూ ఎక్స్’ అని రాసి ఉంటే ముందే 8 కోట్లు పోయి, వాళ్లకు మిగిలేది కోటీ 75 లక్షలు. కంపెనీలో 70 శాతం వాళ్లదే అయినా లెక్క ఇలాగే ఉంటుంది. 50 కోట్లకు అమ్మినా పార్టిసిపేటింగ్ పీడ వదలదు: ఇన్వెస్టర్‌కు 10 కోట్లకు బదులు 13 కోట్ల 20 లక్షలు పోతాయి. అందుకే వాల్యుయేషన్‌లో ఒక కోటి వదులుకునైనా వన్ ఎక్స్ నాన్-పార్టిసిపేటింగ్ రాయించుకోమనే నేనైతే చెబుతాను.

ఇక బోర్డు. ఇద్దరు ఫౌండర్లు, ఒక ఇన్వెస్టర్ డైరెక్టర్ ఉంటే మెజారిటీ మనదేననిపిస్తుంది. అసలు పట్టు ‘రిజర్వ్‌డ్ మ్యాటర్స్’ జాబితాలో ఉంటుంది. అందులోని పనులకు బోర్డులో ఎన్ని ఓట్లున్నా ఇన్వెస్టర్ ఒప్పుకోవాల్సిందే. కొత్త షేర్లు జారీ చేయడం, కంపెనీని అమ్మడం అందులో ఉండటం న్యాయమే. 5 లక్షలు దాటిన ప్రతి ఖర్చూ ఉంటే మాత్రం సర్వర్ బిల్లు కట్టడానికీ అనుమతి అడగాలి. బోర్డు ఆమోదించిన ఏడాది బడ్జెట్ లోపలి ఖర్చులకు మినహాయింపు రాయించుకుంటే ఈ తంటా తప్పుతుంది.

టర్మ్ షీట్‌లో చాలా భాగం చట్టప్రకారం కట్టుబడాల్సింది కాదు, అసలు ఒప్పందం తర్వాత వస్తుంది. ఎక్స్‌క్లూజివిటీ మాత్రం సాధారణంగా కట్టిపడేస్తుంది. సంతకం పెట్టాక ఆ గడువులో, అది 30 రోజులో 60 రోజులో, వేరే ఇన్వెస్టర్‌తో మాట్లాడకూడదు. బ్యాంకులో రెండు నెలల జీతాలకే డబ్బున్న ఫౌండర్ 60 రోజులకు ఒప్పుకుంటే, చివరి వారంలో అవతలివాళ్లు ఏ షరతు మార్చినా కాదనే దారి ఉండదు. బేరమంతా సంతకానికి ముందే.