ఎన్నో మోతకు ముల్లు 5వ నిమిషం మీదికి వస్తుంది?

సరిగ్గా పన్నెండింటికి పెట్టిన అలారం ప్రతి 17 నిమిషాలకూ మోగుతుంది. ఎన్నో మోతకు నిమిషాల ముల్లు గంట దాటి 5 నిమిషాలు చూపిస్తుంది? అంటే 17xను 60తో భాగిస్తే శేషం 5 రావాలి: 17x ≡ 5 (mod 60).

మామూలు సమీకరణమైతే 17తో భాగించేస్తాం. ఇక్కడ శేషాలే తప్ప భిన్నాలు లేవు. అందుకే 17తో గుణిస్తే శేషం 1 ఇచ్చే సంఖ్యను పట్టుకోవాలి. అదే 17కు గుణకార విలోమం.

దాన్ని వెతకడం ఎలా? ముందు గ.సా.భా. కోసం చేసే వరుస భాగహారమే చేయాలి.

60 = 3×17 + 9
17 = 1×9 + 8
9 = 1×8 + 1

శేషం 1 వచ్చింది. ఇప్పుడు కింది నుంచి పైకి వెళ్తూ ఆ 1ని 60, 17లతో రాయాలి.

1 = 9 − 8
= 2×9 − 17
= 2×60 − 7×17

60 గుణిజాలను వదిలేస్తే మిగిలేది −7. దానికి 60 కలిపితే 53. సరిచూద్దాం: 17×53 = 901 = 15×60 + 1. విలోమం దొరికింది!

ఇక 53×5 = 265; 60తో భాగిస్తే శేషం 25. జవాబు 25వ మోత. అప్పటికి గడిచేది 425 నిమిషాలు, అంటే 7 గంటల 5 నిమిషాలు. ఆ తర్వాత ప్రతి 60 మోతలకోసారి ఇదే జరుగుతుంది.

అలారం 18 నిమిషాలకోసారి మోగితే? 18, 60ల గ.సా.భా. 6. మోగినప్పుడల్లా ముల్లు 6 గుణిజాలైన నిమిషాల మీదే ఉంటుంది, కాబట్టి ఏ మోతకూ 5వ నిమిషం మీదికి రానే రాదు. 18కి విలోమమూ ఉండదు.

ఇలాంటి శేషాల లెక్కలకు ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ‘ఆర్యభటీయం’లోనే వరుస భాగహారంతో పద్ధతి చెప్పాడు. దాని పేరు కుట్టకం.