గ్లౌజులు తొడిగితే చేతులు శుభ్రమైనట్టేనా?

వార్డులో రోగిని పక్కకు తిప్పేది, ఒళ్లు తుడిచేది, బెడ్‌పాన్ పెట్టేది, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసేది, చేతకాని వాళ్లకు అన్నం తినిపించేది నర్సింగ్ అసిస్టెంట్లే. ప్రభుత్వాసుపత్రుల్లో వీళ్లను ఎంఎన్‌ఓ, ఎఫ్‌ఎన్‌ఓ అంటారు. ప్రైవేటులో జీడీఏ అంటారు. రోగులకు మాత్రం ఆయమ్మ, వార్డు బాయ్. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి రోజంతా తిరిగే చేతులు కాబట్టి, ఒక రోగి దగ్గరి క్రిములు మరో రోగికి చేరడానికి దగ్గరి దారి కూడా ఇవే.

అందుకే చేతుల శుభ్రత మీద శిక్షణ ఇవ్వని ఆసుపత్రి ఉండదు. ఆ శిక్షణ మామూలుగా ఎలా ఉంటుంది? గోడ మీద పోస్టరు చూపిస్తారు, అరచేతులు ఎలా రుద్దాలో చేసి చూపిస్తారు, అందరి చేతా చేయిస్తారు, రిజిస్టరులో సంతకాలు పెట్టిస్తారు. ఎలా కడగాలో చెప్పడంతోనే సమయం అయిపోతుంది. ఎప్పుడు కడగాలన్నది మిగిలిపోతుంది. వార్డులో అసలు తప్పులు జరిగేది అక్కడే. ఒక్కొక్కటి రెండు గంటల చొప్పున రెండు తరగతులు, ఆ తర్వాత వార్డులోనే పరీక్ష ఉండేలా పాఠాన్ని మార్చుకుంటే ఈ లోటు తీరుతుంది. ఒక బృందంలో పన్నెండు మందికి మించకపోతే ఒక్కొక్కరి చేతులనూ దగ్గరగా చూడవచ్చు.

మొదటి తరగతి: కళ్లు మూసుకుని రంగు పూత

ఉపన్యాసంతో మొదలుపెట్టనక్కర్లేదు. అందరికీ పల్చని గ్లౌజులు తొడిగించి, కళ్లకు గంతలు కట్టి, అరచేతిలో ఒక చెంచాడు పోస్టరు రంగు పోస్తారు. ‘రోజూ సబ్బుతో ఎలా రుద్దుకుంటారో అలాగే రుద్దండి’ అంటారు. అయిందనుకున్న వాళ్లు చేతులు చాపి నిలబడాలి. గంతలు విప్పగానే అరచేతులు ఎర్రగా కనిపిస్తాయి. గోరింటాకు పండని చోట్లలా బొటనవేళ్లు, వేళ్ల కొసలు, వేళ్ల సందులు మాత్రం తెల్లగా మిగిలిపోతాయి. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో చాలామందికి ఎక్కువ తెలుపు కుడి చేతి మీదే ఉంటుంది. ఎడమ చేతిని రుద్దేది కుడి చేయి, కుడి చేతిని రుద్దాల్సిన ఎడమ చేతికి ఆ పని అంతగా అలవాటుండదు.

ఆరు కదలికలు నేర్పించాల్సింది ఇప్పుడు. అరచేతికి అరచేయి, అరచేత్తో రెండో చేతి వెనక భాగం, వేళ్లలో వేళ్లు దూర్చి సందులు, వేళ్లు ముడిచి వాటి వెనక వైపు, బొటనవేలిని పిడికిట్లో పట్టి తిప్పడం, చివరగా వేళ్ల కొసలను ఎదుటి అరచేతిలో గుండ్రంగా రాయడం. ఏ కదలిక ఎందుకుందో అప్పుడే చూసిన తెల్లమచ్చలు చెబుతాయి కాబట్టి విడిగా బట్టీ పట్టనక్కర్లేదు. అవే గ్లౌజుల మీద మళ్లీ రంగు పోసి రెండోసారి చేయిస్తే తేడా ఎవరికి వాళ్లకే తెలుస్తుంది.

ఆల్కహాల్ హ్యాండ్ రబ్‌తో ఈ పని 20 నుంచి 30 సెకన్లలో అవుతుంది. సబ్బూ నీళ్లతో తడపడం నుంచి తుడవడం దాకా 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. చేతికి రక్తం, మలం, చీము లాంటివి కంటికి కనిపించేలా అంటితే సబ్బు తప్పనిసరి. కొన్ని రకాల విరేచనాలకు కారణమయ్యే బాక్టీరియా బీజాలు ఆల్కహాల్‌కు చావవు కాబట్టి అలాంటి రోగి దగ్గర నుంచి వచ్చినా సబ్బే వాడాలి. మిగతా సందర్భాల్లో రబ్ చాలు. అది ఆరేదాకా రుద్దాలి, ఆరకముందే బట్టలకు తుడుచుకుంటే పని సగంలో ఆగినట్టే. మణికట్టు దగ్గర గాజులుంటే వాటి కిందికి సబ్బు చేరదు, గ్లౌజు అంచు కూడా చిరుగుతుంది. డ్యూటీకి ముందే గాజులూ ఉంగరాలూ తీసి లాకర్లో పెట్టుకోవాలన్న మాట ఈ తరగతిలోనే చెప్పాలి.

రంగు ఆటకు ఒక పరిమితి ఉంది. చేయి ఎక్కడెక్కడ తడిసిందో అది చూపిస్తుంది, క్రిములను మాత్రం చూపించలేదు. ఆ సంగతి కూడా చెప్పేయడం మంచిది.

గ్లౌజు విప్పడం కూడా పాఠమే

గ్లౌజు తొడగడం అందరికీ వచ్చు, చిక్కంతా విప్పడంలోనే. అందుకే రంగు తడిగా ఉండగానే ఆ పని చేయిస్తారు. ఒక చేత్తో రెండో చేతి గ్లౌజును మణికట్టు దగ్గర బయటి వైపు గిల్లి పట్టి, లోపలి వైపు బయటికి వచ్చేలా ఒలిచి, దాన్ని గ్లౌజు ఉన్న చేతి గుప్పిట్లోనే ఉంచుకోవాలి. ఇప్పుడు ఖాళీ అయిన చేతి వేళ్లను రెండో గ్లౌజు అంచు లోపలికి దూర్చి, బయటి వైపు తాకకుండా ఒలిచేయాలి. మొదటి గ్లౌజు రెండోదాని లోపల ఉండిపోతుంది. వాడేసిన గ్లౌజులు ఎర్ర సంచిలో వేయాలి.

పన్నెండు మందిలో కొందరి మణికట్టుకైనా రంగు అంటుకుంటుంది. అది చూపించి, గ్లౌజు విప్పాక కూడా చేతులు ఎందుకు శుభ్రం చేసుకోవాలో వాళ్లనే అడగాలి. విప్పేటప్పుడు మురికి అంటవచ్చు, కంటికి కనిపించని చిల్లులూ ఉండవచ్చు. ఈ రెండు కారణాలూ వాళ్ల నోటి నుంచే రావాలి.

రెండో తరగతి: మూడు మంచాల మధ్య

చేతులు ఎప్పుడు శుభ్రం చేసుకోవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో ఐదు సందర్భాలుగా చెప్పింది. రోగిని తాకే ముందు, క్యాథెటర్ లాంటివి ముట్టుకునే శుభ్రమైన పనికి ముందు, ఒంటి ద్రవాలు అంటే అవకాశమున్న పని తర్వాత, రోగిని తాకాక, రోగి చుట్టూ ఉన్న వస్తువులను తాకాక. ఈ ఐదింటినీ అప్పజెప్పించడం తేలికే. పనిలో ఉండగా గుర్తుపట్టడమే కష్టం. అందుకని గదిలో మూడు మంచాలు వేసి, ఒక ఆయమ్మ మామూలుగా ఎలా చేస్తుందో అలాగే చేయమంటారు. మిగతావాళ్లు కాగితం మీద లెక్క రాస్తారు.

నాలుగో నంబరు మంచంలో యూరిన్ బ్యాగ్ ఉన్న రోగి, ఆరో నంబరులో అన్నం తినిపించాల్సిన రోగి. ఆయమ్మ డ్యూటీ రూమ్‌లోనే గ్లౌజులు తొడుక్కుని వచ్చింది. నాలుగో నంబరు రోగిని లేపి దిండు సర్దింది. బ్యాగ్ కింది కుళాయి తెరిచి కొలత జగ్గులోకి మూత్రం పట్టింది, టాయిలెట్లో పారబోసి, జగ్గు కడిగి వచ్చింది. తిరిగి వస్తుంటే ఐదో నంబరు మంచం పక్క కడ్డీ కిందికి దిగి ఉంది. రోగి పడిపోతాడని దాన్ని పైకి లేపింది. అప్పుడు గ్లౌజులు విప్పి పడేసి, సబ్బుతో చక్కగా ఆరు కదలికలతో కడుక్కుని, ఆరో నంబరు రోగికి అన్నం తినిపించింది. తర్వాత అలాగే డ్యూటీ రూమ్‌కి వెళ్లిపోయింది.

చూస్తే జాగ్రత్తగా పనిచేసినట్టే ఉంటుంది. ఇప్పుడు లెక్క వేద్దాం. నాలుగో నంబరు రోగిని తాకే ముందు ఒకసారి శుభ్రం చేసుకోవాలి, చేసుకోలేదు. బ్యాగ్ కుళాయి తెరిచే ముందు రెండోసారి, అదీ చేయలేదు. మూత్రం పని అయ్యాక గ్లౌజులు విప్పి మూడోసారి, విప్పనే లేదు. ఐదో మంచం కడ్డీ తాకాక, ఆరో రోగిని తాకే ముందు, ఈ రెండు సందర్భాలూ ఒకచోటే కలిశాయి కాబట్టి ఒక్కసారి కడిగితే చాలు. ఇది నాలుగోది, చక్కగా చేసింది. ఆరో రోగి దగ్గర నుంచి వెళ్లేటప్పుడు ఐదోది, చేయలేదు. ఐదు అవకాశాల్లో ఒకటి, అంటే 20 శాతం.

‘గ్లౌజులు వేసుకునే ఉన్నాను కదా మేడమ్!’ అంటుంది ఆయమ్మ. ‘వేసుకున్నావమ్మా, నీ చేతికేం కాలేదు. ఆ గ్లౌజు టాయిలెట్ గొళ్లెం పట్టుకుని వచ్చి ఐదో మంచం కడ్డీ పట్టుకుంది. కాసేపటికి ఆ రోగి అదే కడ్డీ పట్టుకుని లేస్తాడు’ అనడంతో చర్చ మొదలవుతుంది. గ్లౌజు తొడుక్కున్నవాళ్లను కాపాడుతుంది, పక్క మంచం రోగిని మాత్రం కాపాడదు.

రెండో సందర్భం గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి. చాలామందికి బ్యాగ్ అంటే మురికి వస్తువు. పని అయ్యాక చేతులు కడగాలని తోస్తుంది గానీ ముందు కడగాలని తోచదు. నిజానికి ఆ కుళాయి తెరిచినప్పుడు, చేతి మీది క్రిములు గొట్టం వెంట మూత్రాశయం దాకా ఎక్కడానికి దారి తెరుచుకుంటుంది. అందుకే ముందు చేతులు శుభ్రం చేసుకుని కొత్త గ్లౌజులు వేసుకోవాలి, కుళాయి మూతి జగ్గుకు తగలకూడదు, ఒక్కో రోగికి విడిగా జగ్గు ఉండాలి. బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే వేలాడాలి, నేలకు మాత్రం ఆనకూడదు. లెక్క అయ్యాక అదే పనిని అదే ఆయమ్మతో సరిగ్గా మళ్లీ చేయిస్తే పాఠం పూర్తవుతుంది.

పరీక్ష వార్డులోనే

నోటి ప్రశ్నలతో తెలిసేది జ్ఞాపకశక్తి. చేసి చూపించమంటే తెలిసేది పద్ధతి. ఈ రెండూ తరగతిలోనే అయిపోతాయి. చేసి చూపించేటప్పుడు ఒక చీటీ పెట్టుకుని ప్రతి అడుగుకూ అవును, కాదు అని గుర్తు పెట్టాలి. గ్లౌజు విప్పాక చేతులు శుభ్రం చేసుకోకపోయినా, కుళాయి మూతి జగ్గుకు తగిలినా, మిగతావన్నీ బాగున్నా మళ్లీ చేయించాల్సిందే.

అలవాటు పడ్డారా లేదా అన్నది తేలేది వార్డులోనే. శిక్షణ అయిన వారానికి ఒకసారి, నెలకు ఇంకోసారి, పగలూ రాత్రీ డ్యూటీల్లో, ఒక్కోసారి ఇరవై నిమిషాలు నిలబడి చూడాలి. పేర్లు రాయకూడదు. ఎన్ని అవకాశాలు వచ్చాయి, ఎన్నిసార్లు చేశారు, అవి ఏ సందర్భాలు అన్నది మాత్రమే రాయాలి. ఎవరో చూస్తున్నారని తెలిస్తే అందరూ బాగానే కడుగుతారు కాబట్టి ఈ అంకె ఎప్పుడూ అసలు కన్నా కాస్త పెద్దదే. దాన్ని సరిచూడటానికి వార్డులో నెలకు ఎన్ని హ్యాండ్ రబ్ సీసాలు ఖర్చవుతున్నాయో చూడాలి. పరిశీలనలో శాతం పెరిగి, సీసాల ఖర్చు పెరగలేదంటే చూసినప్పుడే కడుగుతున్నారన్నమాట.

మొత్తం శాతం కన్నా దాన్ని విడదీసి చూడటం ముఖ్యం. ఉదాహరణకు వంద అవకాశాల్లో 59 సార్లు శుభ్రం చేసుకున్నారనుకుందాం. పనికి ముందు సందర్భాలు 50లో 18, పని తర్వాతివి 50లో 41 అని తేలితే, వాళ్లు తమను తాము కాపాడుకుంటున్నారు గానీ రోగి సంగతి మరిచిపోతున్నారని అర్థం. దానికి మళ్లీ రంగు ఆట ఆడించి లాభం లేదు, మూడు మంచాల పాఠమే మళ్లీ చెప్పాలి. అన్ని సందర్భాల్లోనూ సమానంగా తక్కువ ఉంటే తప్పు మనుషుల్లో ఉండకపోవచ్చు. సీసా వార్డు గుమ్మం దగ్గర ఒక్కటే ఉందా, ప్రతి మంచానికీ అందేలా ఉందా అన్నది ముందు చూడాలి.

జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో డిడియే పిటే బృందం 1994 నుంచి 1997 దాకా నడిపిన కార్యక్రమంలో ఇదే బయటపడింది. మంచాల దగ్గరే హ్యాండ్ రబ్ పెట్టి, పరిశీలించి, ఫలితాలు సిబ్బందికి చెబుతూ వస్తే చేతుల శుభ్రత 48 నుంచి 66 శాతానికి పెరిగింది. సబ్బుతో కడగడం మాత్రం దాదాపు అంతే ఉంది, పెరిగిందంతా రబ్ వాడకమే. నర్సులు, నర్సింగ్ అసిస్టెంట్లు బాగా మారారు. డాక్టర్లలో మాత్రం పెద్దగా మార్పు రాలేదు. మన వార్డుల్లోనూ పరిశీలన కాగితం మీద రౌండ్స్‌కు వచ్చే డాక్టర్లకు కూడా ఒక గడి ఉంచాలి. ఆయమ్మను చూసి మార్కులు వేసి, డాక్టరును చూడనట్టు వదిలేస్తే ఆ శిక్షణ వార్డులో ఎక్కువ రోజులు నిలవదు.