షిఫ్ట్ ముగిసినా తీరని మాట

"సార్, కనుక్కుని నేనే మీకు ఫోన్ చేస్తాను." ఫ్రిజ్ పాడైనా, గ్యాస్ బుకింగ్ ఆగిపోయినా, డబ్బు కట్ అయి రీచార్జ్ పడకపోయినా కస్టమర్ కేర్ నుంచి మనం ఎక్కువగా వినే మాట ఇదే. ఆ మాట చెప్పిన అమ్మాయి షిఫ్ట్ రాత్రి తొమ్మిదికి అయిపోతుంది. అప్పటికి ఆమె చేయాల్సిన కాల్‌బ్యాక్‌లు కొన్ని మిగిలిపోతాయి. అవి మర్నాడు పొద్దున వచ్చేవాళ్ల చేతికి సరిగ్గా అందితేనే మనకు ఫోన్ వస్తుంది. అందకపోతే మనమే మళ్లీ ఫోన్ చేసి కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి.

ఈ కాల్‌బ్యాక్‌లు రెండు రకాలు. లైన్ రద్దీగా ఉన్నప్పుడు "మీ వంతు రాగానే మేమే కాల్ చేస్తాం, ఒకటి నొక్కండి" అని మెషిన్ చెప్పేది మొదటి రకం. దాన్ని సిస్టమే వరుసలో పెట్టి, ఖాళీ అయిన ఏజెంట్‌కు కలుపుతుంది. రెండోది మనిషి ఇచ్చిన మాట. గోదాముకో, టెక్నీషియన్‌కో ఫోన్ చేసి విషయం కనుక్కుని తిరిగి చెబుతానని ఏజెంట్ ఒప్పుకున్నది. షిఫ్ట్ మారేటప్పుడు ఎక్కువగా తప్పిపోయేది ఈ రెండో రకమే.

ఎందుకు తప్పిపోతుందో ఏజెంట్ స్క్రీన్ చూస్తే తెలుస్తుంది. మన దేశంలో చాలా సెంటర్లు వాడే విసిడయల్ అనే డయలర్‌లో కాల్‌బ్యాక్ నమోదు చేసేటప్పుడు రెండు దారులున్నాయి. `ANYONE` అని పెడితే ఆ సమయానికి ఖాళీగా ఉన్న ఎవరికైనా వెళ్తుంది. `USERONLY` అని పెడితే నమోదు చేసిన ఏజెంట్ జాబితాలోనే ఉంటుంది. "నేనే చేస్తాను" అన్న మాట మీద ఏజెంట్లు సహజంగా రెండోదే ఎంచుకుంటారు. ఆమె లాగౌట్ అయి ఇంటికెళ్లాక, లేదా మర్నాడు సెలవు పెట్టాక, ఆ కాల్ పక్క సీటు వాళ్లకు కూడా కనబడదు. అందుకే షిఫ్ట్ ముగిసేలోపు టీమ్ లీడర్ చేయాల్సిన మొదటి పని, సొంత పేరు మీద ఉన్న కాల్‌బ్యాక్‌లన్నీ పైకి తీసి, పొద్దున డ్యూటీలో ఉండేవాళ్ల పేరు మీదకో, అందరి జాబితాలోకో మార్చడం.

ఇది ఎలా జరగాలో ఒక సాయంత్రం లెక్కతో చూద్దాం. గృహోపకరణాల సర్వీస్ సెంటర్ ఒకటి, షిఫ్ట్ రాత్రి 9కి ముగుస్తుంది అనుకుందాం. ఎనిమిదింటికి పెండింగ్‌లో 23 ఉన్నాయి. ముందు ఒక్కో నంబరు తాజా రికార్డు చూడాలి. 5 చోట్ల కస్టమరే ఆగలేక మళ్లీ ఫోన్ చేశారు, వేరే ఏజెంట్ పని పూర్తి చేశారు. వాటిని మూసేస్తే మిగిలేవి 18. అందులో 6 "ఇవాళే చెబుతాం" అని మాట ఇచ్చినవి, 7 రేపటి సమయం అడిగినవి, 5 ఇప్పటికే ప్రయత్నిస్తే ఎత్తనివి.

చేతిలో ఉన్నది గంట సమయం, ఇద్దరు ఏజెంట్లు. మాట్లాడటానికి, నోట్ రాయడానికి కలిపి కాల్‌కు 8 నిమిషాలు పడితే కాగితం మీద 15 కాల్స్ అవుతాయి. మధ్యలో కొత్త కాల్స్ వస్తూనే ఉంటాయి కాబట్టి అన్నీ కావు. కాబట్టి ముందు ఇవాళ్టి 6 తీసుకోవాలి. 4 పూర్తవుతాయి. మిగతా 2కి గోదాము నుంచి జవాబు రావాలి, అది మూసేశారు. ఆ ఇద్దరికీ రెండు నిమిషాల ఫోన్ చేయాలి: "మీ పార్ట్ సంగతి ఇంకా తేలలేదండీ, రేపు పదకొండు లోపు మా వాళ్లు చెబుతారు." జవాబు లేకున్నా ఈ ఫోన్ చేయాల్సిందే. ఇవాళ్టి మాట తప్పకుండా, రేపటికి కొత్త మాట అయ్యేది దీంతోనే. ఇక పొద్దుటి షిఫ్ట్‌కు వెళ్లేవి 14.

ఆ 14 అప్పగించడమంటే నంబర్లు పంపడం కాదు, నోట్ పంపడం. "కస్టమర్ కాల్‌బ్యాక్ అడిగారు, దయచేసి చూడండి" అని రాస్తే అవతల ఏజెంట్‌కు ఏమీ తెలియదు. ఇలా రాస్తే తెలుస్తుంది: "ఫ్రిజ్ చల్లబడటం లేదు. మంగళవారం టెక్నీషియన్ చూసి కంప్రెసర్ మార్చాలన్నారు. పార్ట్ ఎప్పుడొస్తుందో చెబుతామన్నాం. 14వ తేదీ ఉదయం 10–11 మధ్య చేయాలి. ఫోన్ కూతురిది, మాట్లాడాల్సింది తల్లితో, తెలుగులో. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టుకుంటారు." చివరి వాక్యం ఒక్కటీ ఆ కాల్‌ను వరుసలో పైకి తెస్తుంది. భాష రాయకపోతే హిందీ ఏజెంట్‌కు వెళ్లి, మాట అర్థం కాక మళ్లీ పెండింగ్‌లోనే పడుతుంది.

నోట్‌లో "రేపు" అని రాయకూడదు, తేదీ వేయాలి. రాత్రి 11:50కి రాసిన "రేపు"ను 12:30కి చదివినవాళ్లకు అది ఒక రోజు వెనక్కి జరుగుతుంది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కస్టమర్లతో మాట్లాడేవాళ్లకు ఈ చిక్కు ఇంకా పెద్దది. న్యూయార్క్‌కు మనకు తేడా చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారం మారుతుంది. శనివారం మన టైమ్‌లో రాసుకున్న సోమవారం కాల్ ఒక గంట ఆలస్యమవుతుంది. కస్టమర్ ఊరి టైమ్‌నే రాసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

వీలైతే రెండు షిఫ్టులూ పది నిమిషాలు కలిసే ఏర్పాటు ఉండాలి. రాత్రి మూసేసే సెంటర్‌లో ఆ పని రాతపూర్వకంగా జరగాలి. వచ్చే టీమ్ లీడర్ గడువు దాటినవి, ఉదయం పదిలోపు చేయాల్సినవి ముందు చదివి, ఒక్కోదానికి ఒక్కో పేరు రాయాలి. "టీమ్ చూసుకుంటుంది" అంటే ఎవరూ చూడరు. సోమవారం పొద్దున్నే వచ్చే కాల్స్ వరద అందరికీ తెలిసిందే. ఇద్దరిని మొదటి గంట దానికి దూరంగా ఉంచి కాల్‌బ్యాక్‌లకే కేటాయించకపోతే, 14 మధ్యాహ్నానికి 14గానే ఉంటాయి.

చెడే చోటు ఇంకొకటుంది. సాయంత్రానికి పెండింగ్ సున్నా చూపించాలని పై నుంచి ఒత్తిడి వస్తే, కొందరు ఒక్క రింగ్ ఇచ్చి "ఎత్తలేదు" అని మూసేస్తారు. రిపోర్ట్ అందంగా ఉంటుంది. షిఫ్ట్ చివరి పావుగంటలో "ఎత్తలేదు" అన్నవి గుంపుగా ఉన్నాయా, ఒక్కోటి ఎన్ని సెకన్లు మోగింది, అవే నంబర్ల నుంచి మర్నాడు మళ్లీ కాల్స్ వచ్చాయా అని చూస్తే నిజం బయటపడుతుంది. అందుకే ఎన్ని మిగిలాయన్నది లెక్కపెట్టి ఏజెంట్‌ను తిట్టడం కన్నా, చెప్పిన సమయానికి ఎన్ని అయ్యాయి, అన్నిటికన్నా పాతది ఎన్ని గంటల నాటిది అని అడగాలి. ఎత్తనివారికి వేర్వేరు వేళల్లో మూడుసార్లు ప్రయత్నించి, ఒక మెసేజ్ పంపి, అప్పుడే మూయాలి.

ఫోన్ చేసే మనం కూడా ఈ అప్పగింతకు సాయపడొచ్చు. "నేనే చేస్తాను" అని వినగానే మూడు ప్రశ్నలు అడగాలి: ఫిర్యాదు నంబరు ఎంత, ఏ తేదీ ఎన్నింటి లోపు చేస్తారు, మీ షిఫ్ట్ అయిపోతే ఎవరు చేస్తారు? మూడో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఏజెంట్ ఆ కాల్‌ను తన పేరు మీద నుంచి అందరి జాబితాలోకి అప్పటికప్పుడే మార్చాల్సి వస్తుంది. తిరిగి ఫోన్ వచ్చాక ఆ ఫిర్యాదు నంబరు వాళ్లనే చెప్పమనండి. చెప్పలేక ఓటీపీ అడిగితే అది మీరు ఎదురుచూసిన కాల్ కాదు, పెట్టేయండి.