ఒక క్వాలీకి ఎంత ఖర్చు? మోకాలి మార్పిడిపై ఒక లెక్క

వైద్యానికి పెట్టే డబ్బుకు దక్కే ఫలితాన్ని కొలవడానికి ఆరోగ్య ఆర్థికశాస్త్రం వాడే కొలమానం నాణ్యతతో సవరించిన జీవిత సంవత్సరం. దీన్ని పొట్టిగా క్వాలీ అంటారు. పూర్తి ఆరోగ్యంతో గడిపిన ఏడాది ఒక క్వాలీ. సగం విలువే ఉన్న ఆరోగ్యస్థితిలో రెండేళ్లు గడిపినా ఒక క్వాలీయే అవుతుంది. ఆయుష్షు పెంచే క్యాన్సర్ మందునూ, ఆయుష్షు పెంచకపోయినా నొప్పి తీర్చే మోకాలి ఆపరేషన్‌నూ ఒకే కొలతతో పోల్చగలగడం దీని ప్రయోజనం.

ఆరోగ్యస్థితి విలువను 1, 0 అనే రెండు అంకెల ఆధారంగా నిర్ణయిస్తారు. 1 అంటే పూర్తి ఆరోగ్యం, 0 అంటే మరణంతో సమానమైన స్థితి. అంతకన్నా దుర్భరమని జనం భావించే స్థితులకు విలువ సున్నా కంటే తక్కువ కూడా ఉంటుంది. ఎక్కువగా వాడే ప్రశ్నావళి పేరు ఈక్యూ-5డి. నడక, సొంత పనులు చేసుకోవడం, రోజువారీ వ్యవహారాలు, నొప్పి, ఆందోళన లేదా కుంగుబాటు అనే ఐదు అంశాల్లో రోగి తన పరిస్థితి చెబుతాడు. ఆ జవాబులకు విలువ కట్టేది మాత్రం సాధారణ ప్రజలే. ఈ స్థితిలో పదేళ్లు బతకడం కావాలా, పూర్తి ఆరోగ్యంతో తక్కువ ఏళ్లు బతకడం కావాలా అని వారిని అడుగుతారు. ఆరోగ్యంగా ఏడేళ్లు బతికితే ఆ పదేళ్లతో సమానమే అని ఒకరు చెబితే, వారి దృష్టిలో ఆ స్థితి విలువ 0.7. ఇలా సేకరించిన భారతీయుల విలువల పట్టికను చండీగఢ్‌ పీజీఐఎంఈఆర్ పరిశోధకుల నాయకత్వంలో తయారుచేసి 2022లో ప్రచురించారు. మన దేశపు లెక్కకు వేరే దేశపు పట్టిక వాడితే జవాబు మారిపోవచ్చు.

విద్యార్థులకు ఇచ్చే అసైన్‌మెంట్లలో సాధారణంగా కనిపించే రకం ఉదాహరణ ఒకటి చూద్దాం. ఇందులోని అంకెలన్నీ లెక్క నేర్చుకోవడం కోసం అనుకున్నవే. మోకాలు అరిగిన రోగికి రెండు దారులున్నాయి. మొదటిది మాత్రలు, ఫిజియోథెరపీ. దీనికి ఏడాదికి రూ.10,000 ఖర్చు, ఆరోగ్య విలువ పదేళ్లూ 0.55. రెండోది మోకాలి మార్పిడి. దీనికి మొదటి ఏడాది రూ.2,50,000 ఖర్చు, ఆ తర్వాత ఏమీ ఉండదు. కోలుకునే మొదటి ఏడాది విలువ 0.60, తర్వాతి తొమ్మిదేళ్లు 0.75.

మాత్రలతో పదేళ్లలో దక్కేవి 5.5 క్వాలీలు, ఆపరేషన్‌తో 7.35. తేడా 1.85. ఖర్చులో తేడా రూ.1,50,000. ఖర్చు తేడాను క్వాలీల తేడాతో భాగిస్తే సుమారు రూ.81,000 వస్తుంది. అదనంగా దక్కిన ఒక్కో క్వాలీకి అయిన అదనపు ఖర్చు ఇది. దీన్ని ఐసర్ అంటారు:

ICER = (C₂ − C₁) / (Q₂ − Q₁)

చాలామంది తప్పేది ఇక్కడే. ఆపరేషన్ ఖర్చు 2,50,000ను దాని క్వాలీలు 7.35తో నేరుగా భాగించి, ఒక క్వాలీకి రూ.34,000 అని రాసేస్తారు. ఆపరేషన్ చేయకపోయినా ఆ రోగికి 5.5 క్వాలీలు దక్కేవే కాబట్టి, వాటిని ఆపరేషన్ ఖాతాలో వేయడం సరికాదు.

ఆ తర్వాత కాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. పదేళ్ల తర్వాత దక్కే లాభానికి ఈ రోజు దక్కే లాభమంత విలువ ఇవ్వరు. ఏడాదికి 3 శాతం చొప్పున తగ్గిస్తే, పదేళ్ల తర్వాతి ఒక క్వాలీ విలువ నేడు 0.74 మాత్రమే. ఖర్చుకూ ఇదే వర్తిస్తుంది. మొదటి ఏడాదిని తగ్గించకుండా, రెండో ఏడాది నుంచి తగ్గిస్తూ పోతే క్వాలీల తేడా 1.61కి దిగుతుంది, ఖర్చు తేడా సుమారు రూ.1,62,000కు పెరుగుతుంది, ఐసర్ దాదాపు రూ.1,01,000 అవుతుంది. ఆపరేషన్ ఖర్చు ముందే పడి, లాభం ఏళ్ల తరబడి వస్తుంది కాబట్టే ఈ పెరుగుదల.

ఇప్పుడు మార్కెట్లోకి ఖరీదైన కొత్త కృత్రిమ కీలు వచ్చిందనుకుందాం. దానితో ఆపరేషన్‌కు రూ.3,70,000 అవుతుంది. మొదటి ఏడాది తేడా ఉండదు గానీ, తర్వాతి ఏళ్లలో విలువ 0.75 బదులు 0.77. మాత్రలతో పోలిస్తే దీని ఐసర్ సుమారు రూ.1,60,000. చూడటానికి బాగానే ఉంది. మామూలు ఆపరేషన్‌తో పోలిస్తే మాత్రం అదనంగా దక్కేది 0.16 క్వాలీ, అదనపు ఖర్చు రూ.1,20,000. అంటే ఒక క్వాలీకి సుమారు రూ.7,70,000. అందుకే చికిత్సలను ఖర్చు క్రమంలో పేర్చి, ప్రతిదాన్నీ దాని ముందున్న మేలైన చికిత్సతోనే పోల్చాలి. కొత్త వస్తువును బాగా నాసిరకం చికిత్సతో పోల్చిన నివేదిక కనబడితే అనుమానించాలి. ఎక్కువ ఖర్చయ్యి తక్కువ క్వాలీలిచ్చే చికిత్స ఏదైనా ఉంటే, ఐసర్ వేయకుండానే దాన్ని పక్కన పెట్టవచ్చు.

వచ్చిన అంకె ఎక్కువా తక్కువా అని తేల్చడానికి ఒక హద్దు కావాలి. ఇంగ్లండ్‌లో 1999లో ఏర్పడిన నైస్ సంస్థ రెండు దశాబ్దాలకు పైగా ఒక క్వాలీకి 20,000 నుంచి 30,000 పౌండ్ల పరిధిని ఆధారంగా తీసుకుంది. భారత్‌లో ఇలాంటి మదింపు కోసం కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద హెచ్‌టీఏఇన్ ఉంది. ఇక్కడి అధ్యయనాల్లో తలసరి జీడీపీని హద్దుగా తీసుకోవడం పరిపాటి. అది రూ.2 లక్షలు అనుకుంటే మామూలు ఆపరేషన్ హద్దులోనే ఉంది. కొత్త కీలు దాటిపోయింది.

ఒక్క అంకెతో తీర్పు చెప్పడం మాత్రం ప్రమాదం. ఆపరేషన్ తర్వాతి విలువ 0.75 కాక 0.63 మాత్రమే అనుకుంటే ఐసర్ సుమారు రూ.2,41,000కు చేరి, నిర్ణయమే తిరగబడుతుంది. అందుకే ప్రతి ముఖ్యమైన అంచనానూ అటూ ఇటూ జరిపి చూడాలి. దీన్నే సున్నితత్వ విశ్లేషణ అంటారు. జవాబును తారుమారు చేసే అంచనా ఏదో పేరుపెట్టి చెప్పడమే దీని ఫలితం.

క్వాలీకి పరిమితులూ ఉన్నాయి. వైకల్యంతో జీవించేవారి ఆరోగ్య విలువను తక్కువగా లెక్కిస్తే, వారి ఆయుష్షు పెంచే చికిత్సకు తక్కువ క్వాలీలు వస్తాయి. ఈ అభ్యంతరం బలంగా ఉన్న అమెరికాలో, 2010 నాటి ఆరోగ్య సంస్కరణల చట్టం మెడికేర్ నిర్ణయాల్లో క్వాలీకింత డాలర్లన్న హద్దు వాడకుండా ఆంక్ష పెట్టింది. నైస్ 2022లో మరో మార్గం ఎంచుకుంది. రోగ తీవ్రతను బట్టి క్వాలీలను 1.2 లేదా 1.7 రెట్లుగా లెక్కించే వీలు కల్పించింది. రోగిని చూసుకునే కుటుంబసభ్యుల కష్టం, పోగొట్టుకున్న కూలి వంటివి కూడా, ప్రత్యేకంగా చేర్చకపోతే ఈ లెక్కలోకి రావు.

పై ఉదాహరణ సారాంశాన్ని అసైన్‌మెంట్‌లో ఇలా రాయవచ్చు: “పదేళ్ల కాలానికి, చెల్లింపుదారు కోణం నుంచి, ఏడాదికి 3 శాతం తగ్గింపుతో చూస్తే, మాత్రలు, ఫిజియోథెరపీతో పోల్చినప్పుడు మోకాలి మార్పిడికి రూ.1,62,000 అదనపు ఖర్చుతో 1.61 అదనపు క్వాలీలు దక్కుతాయి. ఐసర్ రూ.1,01,000. హద్దు రూ.2,00,000 అయితే ఇది ఖర్చుకు తగిన చికిత్సే. కొత్త కీలుకు మామూలు ఆపరేషన్‌తో పోలిస్తే ఐసర్ రూ.7,70,000 కాబట్టి అది హద్దు దాటింది. ఆపరేషన్ తర్వాతి ఆరోగ్య విలువ 0.63కు పడిపోతే మొదటి నిర్ధారణ నిలవదు.” కాలం, కోణం, పోల్చిన చికిత్స, రెండు తేడాలు, ఐసర్, హద్దు, అనిశ్చితి అనే ఏడింటిలో ఏది లోపించినా ఆ సారాంశం అసంపూర్ణమే.