పోటీదారులిద్దరికీ ఒకే సలహాదారు ఉండొచ్చా?

ఒక ఆవిష్కర్త స్క్రూలు లేని కళ్లజోడు తయారుచేసే పద్ధతి కనిపెట్టాడు. ఫినెగన్ అనే పెద్ద న్యాయసంస్థ ద్వారా పేటెంట్లు తెచ్చుకున్నాడు. అదే సంస్థ వాషింగ్టన్ కార్యాలయం, అదే రకం కళ్లజోళ్ల మీద పేటెంట్ల కోసం ఒక జపాన్ కంపెనీ తరఫున కూడా పనిచేస్తోందని ఆయనకు తర్వాత తెలిసింది. ముందే చెప్పి ఉంటే ఈ వస్తువు మీద అంత డబ్బు పెట్టేవాణ్ని కాదంటూ కోర్టుకెక్కాడు.

ఆయన దావాను కింది కోర్టు కొట్టేయడాన్ని 2015 డిసెంబరులో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం సమర్థించింది. ఇద్దరు కక్షిదారులు ఒకే మార్కెట్లో పోటీపడటం ఒక్కటే ప్రయోజనాల ఘర్షణ కాదంది. ఒకరి కోసం చేసే పని రెండోవారి హక్కుకు నేరుగా ఎదురైతే, లేదా ఒకరి మీద ఉన్న బాధ్యత వల్ల రెండోవారికి పూర్తి సలహా ఇవ్వలేకపోతే అప్పుడది ఘర్షణ. ఇద్దరూ ఒకే ఆవిష్కరణ మీద హక్కు కోరి ఉంటే తీర్పు వేరేగా ఉండేది. తన పేటెంటుకూ జపాన్ కంపెనీ పేటెంటుకూ ఉన్న పోలికల మీద అభిప్రాయం అడిగితే సంస్థ ఇవ్వలేదని కూడా ఆవిష్కర్త ఆరోపించాడు. కోర్టుకు అతని ఫిర్యాదులోని వివరాలు చాలలేదు. నా దృష్టిలో ఈ కేసులో అసలు ముల్లు అక్కడే ఉంది. అడిగిన సలహా ఇవ్వడానికి నోరు పెగలకపోతే, కారణం ఇంకో క్లయింటు అయితే, చట్టం ఏమన్నా ఆ మనిషికి నష్టం జరిగినట్టే.

ఈ గీటురాయి లాయర్లకే పరిమితం కాదు. విజయవాడలో ఇద్దరు ఉద్యోగులున్న ఒక ప్రకటనల ఏజెన్సీ ఉందనుకుందాం. ఒక పళ్ల ఆసుపత్రికి అది గూగుల్ ప్రకటనలు నడుపుతోంది. అదే ఊళ్లో మరో పళ్ల ఆసుపత్రి వచ్చి, మాకూ చేసిపెట్టండి అంది. వెబ్‌సైటు డిజైను మాత్రమే అయితే పెద్ద ఇబ్బంది లేదు. ‘డెంటల్ ఇంప్లాంట్ విజయవాడ’ అన్న వెతుకులాట మీద ప్రకటనలు వేయాలంటే మాత్రం కథ మారుతుంది. గూగుల్ అక్కడ ప్రతిసారీ వేలం వేస్తుంది. ప్రకటన నాణ్యతతో పాటు, క్లిక్కుకు ఎవరు ఎంతవరకు ఇవ్వడానికి సిద్ధమన్నది కూడా చూస్తుంది. మొదటి ఆసుపత్రి 80 రూపాయలు దాటదని తెలిసినవాడు, రెండోదానికి ధర పెట్టేటప్పుడు ఆ సంగతి మరచిపోలేడు. ఒకరి ధర పెంచితే రెండోవారి ఖర్చు పెరగవచ్చు. రెండో ఆసుపత్రి విశాఖలో ఉండి, ప్రకటనలు ఆ ఊరివాళ్లకే కనిపించేలా పెడితే ఇద్దరూ ఒకే వేలంలో ఎదురుపడరు.

ఇది దాగేది కూడా కాదు. తమతో పాటు అవే వేలాల్లో ఏయే వెబ్‌సైట్లు పాల్గొన్నాయో, ఎంత తరచుగా ఎదురయ్యాయో గూగుల్ యాడ్స్‌లోని ఆక్షన్ ఇన్‌సైట్స్ నివేదిక చూపిస్తుంది. పోటీ ఆసుపత్రికీ ఇదే ఏజెన్సీ పనిచేస్తోందని యజమానికి బయటివాళ్ల నోట తెలిస్తే, ఆ నెల పెరిగిన ఖర్చంతా ఆయన కంటికి అనుమానంగానే కనిపిస్తుంది.

కాబట్టి అడగాల్సింది మొదటి ఫోన్‌లోనే అడగాలి. సంస్థ పేరు, ఊరు, అమ్మేదేమిటి, కావలసిన పనేమిటి. అంతవరకే. బడ్జెట్టు, కొత్త ధరలు, ప్రారంభ తేదీలు ఆయన చెప్పబోతుంటే, ‘ఆగండి సార్, ముందు నేను ఒక విషయం చూసుకోవాలి’ అనాలి. ఒకసారి విన్నాక, ఆ పని ఒప్పుకోకపోయినా రహస్యం మోయక తప్పదు.

తర్వాత పాత క్లయింటు దగ్గరకు వెళ్లి, మీ ఊళ్లో మీ పోటీదారు ఒకరు నన్ను అడుగుతున్నారు, మీ పేరు వారికి చెప్పవచ్చా అని అనుమతి తీసుకోవాలి. పోటీదారు పేరు బయటపెట్టాలంటే ఆయన ఒప్పుకోలు కూడా కావాలి. ఎవరు వద్దన్నా, కొత్తవారికి కారణం చెప్పకుండానే మర్యాదగా కాదనాలి. ఇద్దరూ సరేనంటే, ఏ పని చేస్తామో, ఏది ఇద్దరికీ చేయమో, ఇద్దరూ నేరుగా ఎదురుపడితే ఎవరి పని వదులుకుంటామో ముందే కాగితం మీద రాసుకోవాలి. పెద్ద ఫీజు ఇచ్చేవారి కోసం పాతవారిని మధ్యలో వదిలేయడం అన్యాయం.

వేర్వేరు మనుషులు చూస్తారు, సమాచారం అటూ ఇటూ పోదు అని హామీ ఇవ్వడం తేలికే. యాభైమంది ఉన్న సంస్థలో, వేర్వేరు బృందాలు, వేర్వేరు లాగిన్‌లు ఉంటే అది నిలబడొచ్చు. ఇద్దరే ఉన్న ఆఫీసులో, ఒకే మేనేజర్ అకౌంటులో రెండు ఆసుపత్రుల ఖాతాలూ తెరిచి ఉన్నచోట, ఆ మాట ఇవ్వకూడదు. అక్కడ ఒకే వేలంలో ఒక్కరికే పనిచేయాలి.

విడిపోవాల్సి వస్తే ఖాతా అడ్మిన్ హక్కులు, పాత నివేదికలు యజమానికి అప్పగించాలి. తలలో ఉన్నది అప్పగించలేం కదా. మొదటి ఆసుపత్రి దసరాకు ఇంప్లాంట్ ధర తగ్గించబోతోందని తెలుసనుకోండి. ఆ ప్రకటన బయటకు వచ్చేదాకా రెండో ఆసుపత్రి ఇంప్లాంట్ ప్రకటనలు ఇంకో ఏజెన్సీ చూడాలి.