మీకు తెలుసా? సర్కారు అప్పుకూ సవర బంగారానికీ లంకె

2019 ఏప్రిల్ 17న, తమిళనాడులో పోలింగుకు ముందు రోజు, తిరువళ్లూరు జిల్లా వేపంపట్టు దగ్గర ఎన్నికల తనిఖీ బృందం తిరుపతి వైపు వెళ్తున్న సరుకును ఆపింది. అందులో 1,381 కిలోల బంగారం ఉంది. అది తిరుమల తిరుపతి దేవస్థానానిదని, పంజాబ్ నేషనల్ బ్యాంకు తిరిగి అప్పగిస్తున్న డిపాజిట్ అని తేలాక రెండు మూడు రోజుల్లో వదిలేశారు. పట్టుబడిన వార్త అందరికీ గుర్తుంది. అందులోని లెక్క మాత్రం చాలామంది గమనించలేదు.

దేవస్థానం 2016 ఏప్రిల్‌లో ఆ బ్యాంకుకు ఇచ్చింది 1,311 కిలోలు. మూడేళ్లకు తిరిగి వచ్చింది 1,381 కిలోలు. అంటే వడ్డీ 70 కిలోల బంగారం. ఏడాదికి సగటు తీస్తే 1.78 శాతం. అదే 2016లో బ్యాంకులో రూపాయలు వేసుకుంటే సుమారు 7 శాతం వడ్డీ వచ్చేది. బంగారంలో వచ్చే రెండు శాతం కంటే రూపాయల్లో వచ్చే ఏడు శాతం మేలు కదా అనిపిస్తుంది. ఎప్పుడు మేలు, ఎప్పుడు కాదు అన్న ప్రశ్నలోనే ప్రభుత్వ అప్పుకూ పసిడి గిరాకీకీ ఉన్న సంబంధం మొత్తం దాగుంది.

మన పల్లెల్లో బస్తా వడ్లు అప్పిచ్చి మళ్లీ వడ్లే కొలిపించుకునేవాళ్లు ఉండేవారు. డబ్బు విలువ ఎటు పోయినా వాళ్లకు బెంగ లేదు, తిరిగొచ్చేది గింజలే. బంగారం డిపాజిట్ కూడా అలాంటిదే. రూపాయి డిపాజిట్ అలా కాదు. గడువు తీరేనాటికి ఆ రూపాయి ఏం కొనిపెడుతుందన్నది రెండింటి మీద ఆధారపడి ఉంటుంది: మనకిచ్చే వడ్డీ ఎంత, ధరలు పెరిగిన తీరు ఎంత. మొదటిదాన్లోంచి రెండోదాన్ని తీసేస్తే మిగిలేదే అసలు వడ్డీ. బంగారం వడ్డీ ఇవ్వదు కాబట్టి అసలు వడ్డీ బాగున్నప్పుడు దాన్ని బీరువాలో పెట్టుకోవడం నష్టం. అసలు వడ్డీ సున్నాకు దిగువకు పోతే ఆ నష్టం ఉండదు. జనం నగల దుకాణం వైపు నడిచేది అప్పుడే.

దేవస్థానం డిపాజిట్ నడిచిన మూడేళ్లనే చూడండి. అప్పుడు ధరల పెరుగుదల ఏటా 4 శాతానికి అటూ ఇటూగా ఉంది. ఏడులోంచి నాలుగు పోతే మూడు శాతం నికరంగా చేతికి మిగిలింది. 10 గ్రాముల ధర ఆ మూడేళ్లలో 29 వేల రూపాయల ప్రాంతం నుంచి 32 వేల చుట్టుపక్కలకే చేరింది. వడ్డీగా వచ్చిన బంగారాన్ని కలుపుకున్నా నూరు రూపాయల సొత్తు 116 దాకా అయిందనుకోవచ్చు. అదే నూరు రూపాయలు ఏడు శాతానికి డిపాజిట్ చేస్తే 122 దాటేవి. ఆ మూడేళ్లలో గెలిచింది రూపాయే. ప్రభుత్వానికి అప్పటికే అప్పు ఉంది, దండిగానే ఉంది. అయినా బంగారం పరుగెత్తలేదు. అప్పు పెద్దదైనంత మాత్రాన పసిడి ధర పెరగదనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం నాకు తెలీదు.

ఆ మరుసటి ఏడాదే పరిస్థితి తారుమారైంది. కరోనా వచ్చి పన్నులు పడిపోయాయి, ఖర్చులు పెరిగాయి. 2020 మే నెలలో కేంద్రం ఆ ఏడాది బజారులో తెచ్చుకోవాలనుకున్న అప్పును 7.8 లక్షల కోట్ల నుంచి ఒక్కసారిగా 12 లక్షల కోట్లకు పెంచింది. ద్రవ్యలోటు ఏడాది తిరిగేసరికి దేశ ఆదాయంలో 9.2 శాతానికి చేరింది. ఇంత అప్పు ఒకేసారి బజారులోకి వస్తే కొనేవాళ్లు ఎక్కువ వడ్డీ అడగాలి. కానీ రిజర్వ్ బ్యాంకు రెపో రేటును 4 శాతానికి దించింది. ఆ ఆర్థిక సంవత్సరంలో 3 లక్షల కోట్లకు పైగా విలువైన ప్రభుత్వ బాండ్లను తానే బజారు నుంచి కొంది. ఆ కష్టకాలంలో వడ్డీ తగ్గించడం అవసరమే, దాన్ని తప్పు పట్టను. కానీ దాని భారం ఎవరి మీద పడిందో తెలుసుకోవాలి.

శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ ఉద్యోగి తన లక్ష రూపాయలను అప్పుడు ఏడాదికి డిపాజిట్ చేసిందనుకుందాం. బ్యాంకు ఇచ్చే వడ్డీ 5 శాతం చుట్టూ ఉంది. ఏడాది చివర చేతికి 1,05,000. ఆ ఆర్థిక సంవత్సరంలో ధరలు పెరిగింది 6.2 శాతం. మొదట్లో లక్షకు వచ్చిన సరుకులు ఇప్పుడు 1,06,200. పాస్‌బుక్‌లో అయిదు వేలు పెరిగినట్టు కనబడుతుంది, నిజానికి 1,200 తరిగిపోయాయి. ఆ తరుగు ఎటు పోయింది? తక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకున్నవాళ్లకు. అందరిలోకీ పెద్ద అప్పుదారు ప్రభుత్వమే. ధరల కంటే తక్కువ వడ్డీ ఉన్నంత కాలం పాత అప్పు బరువు దానంతట అదే తేలికవుతుంది. పన్ను పెంచక్కర్లేదు, ఎగ్గొట్టనూ అక్కర్లేదు.

అప్పుల వార్తలు చదివి బంగారం కొనేవాళ్ల భయం ఇదే. ప్రభుత్వం దివాలా తీస్తుందని ఎవరూ అనుకోరు. ఇచ్చిన రూపాయే తిరిగిస్తుంది గానీ అది పలచబడిన రూపాయి అవుతుందేమోనని భయం. 2020 ఆగస్టులో 10 గ్రాములు 56 వేల దాకా వెళ్లడానికి కరోనా భయంతో పాటు ఈ లెక్క కూడా కారణం. అమెరికాలోనూ అప్పుడు ఇదే జరిగింది: అప్పు ఉప్పెనలా పెరిగింది, వడ్డీ సున్నా దగ్గరికి దిగింది.

మరి ఆంధ్రప్రదేశ్ అప్పు మాటేమిటి? రాష్ట్రాల బాండ్లకు రిజర్వ్ బ్యాంకు సాధారణంగా మంగళవారం వేలం జరుపుతుంది. ఆ మర్నాడు రాష్ట్రం ఎన్ని వేల కోట్లు తెచ్చిందో పత్రికల్లో చూస్తాం. ఆ వార్తతో తిరుపతి బజారులో సవర ధర మారదు. రాష్ట్రం నోట్లు ముద్రించలేదు, వడ్డీ రేటును నిర్ణయించలేదు, రూపాయిని పలచన చేసే శక్తి దానికి లేదు. అయినా రాష్ట్రం అప్పు మీద బెంగ జనం ప్రవర్తనను మారుస్తుంది. 2022 నవంబరులో దేవస్థానం తన మిగులు సొమ్మును రాష్ట్ర ప్రభుత్వ బాండ్లలో పెడుతోందని ప్రచారం జరిగితే భక్తుల్లో ఎంత ఆందోళన రేగిందో గుర్తుండే ఉంటుంది. దేవస్థానం శ్వేతపత్రం విడుదల చేసి ఆ మాటను ఖండించాల్సి వచ్చింది. బ్యాంకుల్లో తనకు 10.25 టన్నుల బంగారం, 15,938 కోట్ల నగదు డిపాజిట్లు ఉన్నాయని ఆ పత్రంలోనే ప్రకటించింది.

మన ధరను కదిలించే అప్పు ఎక్కువగా అమెరికాది. బంగారానికి ప్రపంచ ధర డాలర్లలో పలుకుతుంది. దానికి రూపాయి మారకం, దిగుమతి సుంకం, జీఎస్టీ కలిస్తే మన ధర. అమెరికా ప్రభుత్వ అప్పు 2024 నవంబరులో 36 లక్షల కోట్ల డాలర్లు దాటింది. 2025 మేలో మూడీస్ సంస్థ ఆ దేశానికి ఇచ్చే అత్యున్నత రేటింగును ఒక మెట్టు దించింది. ఇక 2022లో రష్యా డాలరు, యూరో నిల్వలను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాక, వేరే దేశం రాసిచ్చిన బాండు ఎంత భద్రమన్న ప్రశ్న ప్రతి కేంద్ర బ్యాంకుకూ వచ్చింది. 2022, 2023, 2024ల్లో కేంద్ర బ్యాంకులన్నీ కలిసి ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. మన రిజర్వ్ బ్యాంకు నిల్వ 2025 మార్చి చివరికి దాదాపు 880 టన్నులు. ఈ బాట కొత్తదేమీ కాదు. 2009లో దువ్వూరి సుబ్బారావు గవర్నరుగా ఉండగా అంతర్జాతీయ ద్రవ్య నిధి నుంచి ఒకేసారి 200 టన్నులు కొన్నారు.

అప్పు భయంతో కొన్నవాళ్లందరూ లాభపడ్డారనుకుంటే పొరపాటు. 2020 ఆగస్టులో 56 వేలకు కొన్నవాళ్లు 2021 మార్చికి ధర 44 వేల ప్రాంతానికి దిగడం చూశారు. అప్పు అప్పటికి తగ్గలేదు, అమెరికా బాండ్ల మీద వడ్డీ మాత్రం పెరిగింది. పాత ఉదాహరణ ఇంకా గట్టిది: 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లున్న బంగారం, అమెరికా వడ్డీని విపరీతంగా పెంచాక 1982 నాటికి 300 డాలర్ల దరిదాపులకు జారింది. అందుకే అప్పు అంకె ఒక్కటే చూసి లాభం లేదు. మీ బ్యాంకు ఇచ్చే ఏడాది వడ్డీ, ప్రతి నెలా 12వ తేదీ ప్రాంతంలో వెలువడే ధరల పెరుగుదల రేటు, ఈ రెండింటి తేడా చూడండి. తేడా మూడు శాతం ఉంటే డిపాజిట్ దండగ కాదు. తేడా సున్నాకు దిగువన ఉండి, అప్పూ పెరుగుతోందంటే బంగారం గిరాకీకి నిజమైన కారణం ఉన్నట్టు. నగ రూపంలో కొంటే తరుగు, మజూరి కింద పోయేది తిరిగి రాదు కాబట్టి, పొదుపు కోసమైతే ఆ లెక్క ముందే కలుపుకోవాలి.

ఇంతకీ ప్రభుత్వమే గ్రాముల్లో అప్పు తెచ్చుకుంటే ఏమవుతుంది? మన కేంద్రం ఆ పని చేసింది. 2015 నవంబరులో మొదటి సార్వభౌమ పసిడి బాండ్లను గ్రాము 2,684 రూపాయలకు అమ్మింది. ఎనిమిదేళ్ల గడువు తీరిన 2023 నవంబరులో గ్రాముకు 6,132 రూపాయలు చెల్లించింది, మధ్యలో ఏటా ఇచ్చిన 2.75 శాతం వడ్డీ దీనికి అదనం. రూపాయి అప్పు కాలంతో తేలికైతే, పసిడి అప్పు రెండింతలకు మించి బరువెక్కింది. 2024 ఫిబ్రవరి తర్వాత కొత్త బాండ్లు రాలేదు. దేవాలయాలు, కుటుంబాల నుంచి కేంద్రం మధ్యకాలిక, దీర్ఘకాలిక బంగారు డిపాజిట్లు తీసుకునే పథకాన్ని కూడా 2025 మార్చిలో ఆపేశారు. చివరి విడత బాండ్ల గడువు 2032 ఫిబ్రవరిలో తీరుతుంది. అప్పటిదాకా గ్రాము ధర ఎంత పెరిగితే కేంద్రం బాకీ అంత పెరుగుతుంది.